పద్నాలుగు చీటీలు, ఒక పట్టిక

2024 జులై 28, ఆదివారం రాత్రి. ప్రొద్దుటూరులో మా ఇంటి వసారాలో మంచం మీద పడుకోలేక, రెండు దిండ్లు ఒళ్ళో పెట్టుకుని వాటి మీదికి వంగి కూర్చున్నాను. వెల్లకిలా పడుకుంటే గొంతు దాకా నీళ్ళు వచ్చినట్టు ఊపిరాడేది కాదు, దగ్గితే తెల్లటి నురగ పడేది. తెల్లవారితే సోమవారం డయాలసిస్ ఉందని, అంతవరకు ఓర్చుకుందామని నేను అన్నాను. నా భార్య వినకుండా ఎదురింటివారి కారు అడిగి, రాత్రి రెండు గంటలకు నన్ను కడపకు తీసుకుని వెళ్ళింది. గంటకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ఆమె దేవుని కడప వేంకటేశ్వరునికి మొక్కుకుంటూనే ఉంది.

ఆసుపత్రిలో నన్ను చూసిన డ్యూటీ డాక్టరు నా వైపు కూడా తిరగకుండా, "ఆదివారం కదా, బాగా నీళ్ళు తాగేసి ఉంటాడు, వీళ్ళకు ఎంత చెప్పినా ఇంతే" అన్నాడు. ఆక్సిజన్ పెట్టినది, డయాలసిస్‌కు ఎక్కించినది, మూడు లీటర్లు తీసినది అన్నీ సక్రమంగానే జరిగాయి, అందుకు వారికి రుణపడి ఉన్నాను. కానీ ఆ మాట వల్ల నా భార్యకు కూడా అనుమానం వచ్చింది. మరునాడు వార్డులో ఎవరూ లేనప్పుడు మంచం పక్కన నిలబడి, "నిజం చెప్పండి, నాకు తెలీకుండా నీళ్ళు తాగినారా?" అని అడిగింది. రోజూ ఉదయం ముప్పావు లీటరు సీసా నింపి, దానిలోంచే నాకు మందులకూ దాహానికీ కొలిచి ఇచ్చే మనిషి అడిగిన ప్రశ్న అది. నేను తాగలేదు. అది రుజువు చేయడానికి ఆనాడు నా చేతిలో ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక బీకాం చదువుతున్న మా అమ్మాయి నా ఫైలు ముందేసుకుని కూర్చుంది. డయాలసిస్ అయిన ప్రతిసారీ సిస్టర్ ఒక చీటీ రాసి ఇస్తుంది. ఎక్కక ముందు బరువు, బీపీ, తీసిన నీరు, దిగాక బరువు, బీపీ దానిలో ఉంటాయి. నాకు సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ జరుగుతుంది కనుక జులై నెలకు పద్నాలుగు చీటీలు ఉన్నాయి. ఏ చీటీకి ఆ చీటీ చూస్తే ఏ లోపమూ లేదు. నా డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువు, 58 కిలోలని నిర్ణయించారు. ప్రతిసారీ దాదాపు అక్కడికే దించి పంపారు.

అమ్మాయి ఎక్సెల్‌లో ఒక డయాలసిస్‌కు ఒక వరుస చొప్పున రాసింది. మొదటిసారి ఒక పొరపాటు చేసింది. బరువు పెరుగుదలను 58 నుంచి లెక్కగట్టింది. కానీ ఇంటి దగ్గర నా ఒంట్లో ఎంత నీరు చేరిందో తెలియాలంటే, ఈ రోజు ఎక్కక ముందు బరువులోంచి క్రితంసారి దిగినప్పటి బరువును తీసివేయాలి. బీపీని కూడా 146/84 అని ఒకే గడిలో రాస్తే ఎక్సెల్ దానిని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది, అందువల్ల గీత గీసి చూడడానికి వీలుపడదు. పై అంకెకు ఒక నిలువు వరుస, కింది అంకెకు ఒకటి వేరుగా పెట్టింది. ఎక్కక ముందు బరువు B లో, దిగాక బరువు G లో ఉంటే పెరుగుదలకు సూత్రం ఇంతే:

```
=B3-G2
```

శుక్రవారం నుంచి సోమవారం దాకా విరామం ఎక్కువ కనుక, సోమవారాలను సోమవారాలతోనే పోల్చాలని ఆమె వాటిని విడిగా తీసి నా ముందు పెట్టింది.

| తేదీ | ముందు బరువు | పెరుగుదల | ముందు పై బీపీ | తీసిన నీరు (మి.లీ.) | తర్వాత బరువు | తర్వాత పై బీపీ |
|---|---|---|---|---|---|---|
| జులై 1 | 60.1 | 2.1 | 146 | 2400 | 58.0 | 128 |
| జులై 8 | 60.0 | 2.0 | 152 | 2300 | 58.0 | 138 |
| జులై 15 | 60.0 | 1.9 | 160 | 2200 | 58.1 | 148 |
| జులై 22 | 59.9 | 1.9 | 170 | 2200 | 58.0 | 158 |
| జులై 29 | 59.8 | 1.8 | 196 | 3000 | 57.1 | 150 |

పెరుగుదల వరుసను నేను వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాను. రెండున్నర కిలోల లోపు ఉండాలని నాకు చెప్పిన హద్దును నేను ఒక్క వారం కూడా దాటలేదు. పైగా అది తగ్గుతూ వచ్చింది. పెరుగుతూ పోయినది బీపీ ఒక్కటే, అదీ జులై 22 దాకా నీరు తీసిన తర్వాత కూడా.

ఆ కాగితం పట్టుకుని మా కిడ్నీ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాము. ఆమె చివరి నిలువు వరుసను చూసి, "జూన్‌లో మీకు జ్వరం వచ్చిందా?" అని అడిగారు. పన్నెండు రోజులు వచ్చింది, అన్నం సహించలేదు. అప్పుడు ఆమె నెమ్మదిగా వివరించారు. జ్వరంలో నాకు కండ కరిగింది. తూకం యంత్రానికి కండకూ నీటికీ తేడా తెలియదు, కాబట్టి కరిగిన కండ స్థానంలో నీరు చేరినా అది 58 అనే చూపింది. నా అసలు డ్రై వెయిట్ తగ్గిపోయినా పాత అంకె దగ్గరే ఆపుతూ వచ్చారు. అందువల్ల నెల గడిచేకొద్దీ మొత్తం రెండు కిలోలకు పైగా నీరు ఒంట్లోనే మిగిలిపోయింది. అది నెలాఖరుకు ఊపిరితిత్తుల్లోకి చేరింది.

ఆ నీటిని ఒకేసారి లాగివేయకూడదు. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటి తీస్తే గుండెకు మంచిది కాదని ఆమె చెప్పారు. నా బరువుకు నాలుగు గంటల్లో అది సుమారు మూడు లీటర్లు. అందుకే ప్రతిసారీ కాస్త కాస్త దించుతూ ఆగస్టు మధ్యకు 55.5 కు తెచ్చారు. ఊపిరి కుదుటపడింది, దిగాక బీపీ మళ్ళీ 130 దగ్గరకు వచ్చింది.

అప్పటి నుంచి పట్టిక మానలేదు. తీసిన నీటికీ తగ్గిన బరువుకూ రెండు మూడు వందల మిల్లీలీటర్ల తేడా ఉండడం సహజం, ఎందుకంటే చివర గొట్టాల్లోని రక్తాన్ని ఒంట్లోకి పంపడానికి సెలైన్ ఎక్కిస్తారు, మధ్యలో నేను తాగే టీ కూడా దానిలో కలుస్తుంది. ఆగస్టులో ఒక శుక్రవారం ఆ తేడా లీటరున్నర వచ్చింది. ఆరా తీస్తే, దిగాక నన్ను చెప్పులతో వేరే తూకం మీద నిలబెట్టారని తెలిసింది. ఆ అంకెను కొట్టివేసి పక్కన కారణం రాశాము. బీపీ మాత్ర మరిచిన రోజు, రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ మోతాదు మార్చిన రోజు కూడా ఆ కారణం రాసే గడిలోకి ఎక్కుతాయి, ఎందుకంటే వాటి వల్ల కూడా బీపీ పెరగవచ్చు, ప్రతి పెరుగుదలా నీరు కాదు.

అక్టోబరులో దానికి ఎదురు దశ వచ్చింది. ఆకలి తిరిగి వచ్చి సంగటి తినగలుగుతున్నాను. డయాలసిస్‌లో మూడో గంట దాటగానే ఆవలింతలు, చెమట, పిక్కలు పట్టేయడం మొదలయ్యాయి, బీపీ 90 కి పడిపోయేది. వరుసగా నాలుగుసార్లు అదే రాసి ఉండడం చూసి, కండ తిరిగి వచ్చిందని డాక్టరమ్మ 56.5 కు పెంచారు.

చీటీలో దిగాక బీపీని ఒక్కసారి కూడా ఖాళీ వదలకుండా రాసిన ఆ సిస్టర్‌కు నేను చేతులు జోడించి దండం పెట్టాను. కానీ అదే ఫైలు నెలంతా చేతులు మారినా, ఆ పద్నాలుగు చీటీలను పక్కపక్కన పెట్టి చూసినవారు అక్కడ ఒక్కరూ లేరన్న కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఆ డ్యూటీ డాక్టరు మళ్ళీ కనపడలేదు.

నా భార్య మాత్రం జులై పట్టికను అచ్చు తీయించి, తన నీళ్ళ లెక్క పుస్తకంలో మడిచి పెట్టుకుంది. పెరుగుదల వరుస పక్కన తను ఇచ్చిన నీటి కొలతలు పెన్సిలుతో రాసుకుంది. రాసేటప్పుడు ఆమె ఏడ్చింది. నేను ఏమీ అడగలేదు.