ఐస్ టేబుల్‌తో Kc కట్టడం: కొలిచిన అంకె ఏ గడిలోది?

కావలిలో జూనియర్ ఇంటర్ పిల్లలకు రసాయన సమతాస్థితి చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ ఒకే లెక్కతో మొదలుపెడతాను. హైడ్రోజన్, అయొడిన్ కలిసి హైడ్రోజన్ అయొడైడ్ అయ్యే చర్య అది. తప్పు చేయడానికి ఉన్న దారులన్నీ ఆ ఒక్క లెక్కలోనే కనిపిస్తాయి.

H2 + I2 ⇌ 2HI

5 లీటర్ల మూసిన పాత్రలో 0.0200 మోల్‌ల H2, 0.0100 మోల్‌ల I2 తీసుకుని 448 °C దగ్గర ఉంచాం. మొదట్లో HI లేదు. సమతాస్థితికి వచ్చాక HI గాఢత లీటరుకు 3.74×10⁻³ మోల్‌లు అని తేలింది. ఈ చర్య సమతాస్థితి స్థిరాంకం Kc ఎంత?

పట్టిక గీయకముందే మోల్‌లను 5తో భాగించేస్తాను. H2 4.00×10⁻³, I2 2.00×10⁻³ వస్తాయి. ఈ చర్యలో రెండు వైపులా వాయువుల మోల్‌లు సమానం కాబట్టి చివర్లో ఘనపరిమాణం కొట్టుకుపోతుంది. అయినా భాగించడం మానొద్దు. పై వరసలో మోల్‌లు, కింది వరసలో గాఢత పెట్టారంటే లెక్క అక్కడే చెడిపోతుంది. N2O4 ⇌ 2NO2 లాంటి చర్యలో అయితే ఘనపరిమాణం కొట్టుకుపోదు కూడా.

ఇక పట్టిక. మొదట, మార్పు, సమతాస్థితి అని మూడు వరసలుండే దీన్నే ఐస్ టేబుల్ అంటారు. అంకెలన్నీ 10⁻³ మోల్/లీ. లో ఉన్నాయి.

| | H2 | I2 | HI |
|---|---|---|---|
| మొదట | 4.00 | 2.00 | 0 |
| మార్పు | −x | −x | +2x |
| సమతాస్థితి | 4.00−x | 2.00−x | 2x |

కొలిచిన 3.74 వెళ్లాల్సింది HI కింద, అడుగు గడిలోకి. ఆ గడిలో ఉన్నది x కాదు, 2x. అంటే 2x = 3.74, x = 1.87. 3.74నే x అనుకున్నవాళ్లకు I2 గడిలో 2.00−3.74 వస్తుంది. "సార్, అయొడిన్ మైనస్‌లో వస్తా ఉంది" అని ఎవరో ఒకరు లేస్తారు. గాఢత మైనస్‌లో ఉండడం సాధ్యం కాదు కాబట్టి ఈ తప్పు తనంతట తానే బయటపడుతుంది.

బయటపడని తప్పు ఇంకొకటి ఉంది. x = 1.87 అని సరిగ్గానే కట్టి, Kc సూత్రంలో HI దగ్గర కూడా 1.87 వేసేస్తారు. గడులన్నీ ప్లస్‌లోనే ఉంటాయి, జవాబు మాత్రం అసలు దానిలో నాలుగో వంతు, 12.6 వస్తుంది. అందుకే Kc జోలికి వెళ్లేముందు నేను అణువులను కాక పరమాణువులను లెక్కపెట్టిస్తాను. అడుగు వరస ఇలా ఉండాలి: H2 2.13, I2 0.13, HI 3.74. అయొడిన్ పరమాణువులు మొదట 2×2.00 = 4.00. ఇప్పుడు 2×0.13 + 3.74 = 4.00. సరిపోయింది. హైడ్రోజన్‌కు మొదట 8.00, ఇప్పుడు 4.26 + 3.74 = 8.00. HI దగ్గర 1.87 వేసి ఉంటే ఈ కూడిక తేలేది కాదు.

Kc = [HI]² / ([H2] × [I2]) = (3.74)² / (2.13 × 0.13) = 13.99 / 0.277 = 50.5

పై నుంచి 10⁻⁶, కింద నుంచి 10⁻⁶ పోయాయి, యూనిట్లు కూడా పోయాయి.

పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి గానీ, నాకు ముఖ్యంగా చూపించాలనిపించేది దీని తర్వాతిది. HI కొలతలో చిన్న తేడా వచ్చి 3.74 బదులు 3.76 అని నమోదైందనుకుందాం. తేడా అర శాతమే. x = 1.88, H2 2.12, I2 0.12. ఇప్పుడు Kc 55.6. కొలతలో అర శాతం తేడా జవాబులో పది శాతమైంది!

కారణం I2 గడిలో ఉంది. 2.00 లోంచి 1.87 తీసేస్తే మిగిలింది 0.13 మాత్రమే. x లో 0.01 మార్పు 1.87కు ఏమీ కాదు, 0.13కు మాత్రం పదమూడో వంతు. వడ్ల లారీని లోడుతో వేబ్రిడ్జి ఎక్కించి, ఒక్క బస్తా దించి మళ్లీ తూచి, ఆ తేడాతో బస్తా బరువు చెప్పినట్టుంటుంది. ఇదే కారణంగా 0.13లో నమ్మదగ్గ అంకెలు రెండే, జవాబును 50.5 అని కాక 51 అని రాయడమే న్యాయం.

కాబట్టి ఏ పదార్థాన్ని కొలవాలో ఎంచుకునే వీలుంటే, తక్కువగా మిగిలేదాన్నే కొలవాలి. మిగిలిన I2నే నేరుగా కొలిచి, అందులో ఒక శాతం తప్పు వచ్చి 0.130 బదులు 0.1313 అని తేలిందనుకుందాం. అప్పుడు x = 1.8687, HI 3.737, H2 2.131, Kc 49.9. ఒక శాతం తప్పు జవాబులోనూ ఒక శాతం దగ్గరే ఆగింది. పట్టిక అదే, సూత్రం అదే. కొలిచిన అంకె HI గడి నుంచి I2 గడికి మారిందంతే.

జవాబు పక్కన 448 °C అని తప్పక రాయిస్తాను. ఉష్ణోగ్రత మారితే ఈ 51 చెల్లదు. మొదటి వరసలో H2, I2 ఎంతెంత తీసుకున్నా మాత్రం చెల్లుతుంది.