పోస్టరు మీద తేదీ వేయకపోవడం వల్ల బతికిపోయాం: పర్లాకిమిడిలో మా చిన్న సినిమా ప్రచారం

పోయిన ఫిబ్రవరిలో మేము ఆరుగురం కలిసి తీసిన చిన్న తెలుగు సినిమాను పర్లాకిమిడిలో విడుదల చేశాం. దర్శకుడు నాకు పినతండ్రి కొడుకు. షూటింగులో నేను చేసిందేమీ లేదు కనుక ప్రచారం బాధ్యత నా మీద పడింది. చేతిలో ఉన్నది ముప్పై అయిదు వేల రూపాయలు. ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రమైనప్పటికీ ఈ ఊరి బజారులో ఒడియా ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది, నాలుగడుగులు వేస్తే సరిహద్దు దాటి పాతపట్నం చేరుకోవచ్చు. ఫిబ్రవరిని మేము కోరి ఎంచుకున్నది కాదు. సంక్రాంతి సినిమాల జోరు తగ్గి, పిల్లల పరీక్షల మూలంగా హాళ్ళు పలచబడే కాలం కనుక మాలాంటి వాళ్ళకు తెర దొరికేది అప్పుడే.

పోస్టరు డిజైను చూపించడానికి నేను మొదట కలిసింది చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళో సినిమా పోస్టర్లు అంటిస్తున్న ఒక పెద్దాయనను. ఆయన బొమ్మ వంక చూడనే లేదు, కింద పెద్ద అక్షరాలతో ఉన్న విడుదల తేదీ మీద వేలు పెట్టి, "బాబూ, ఇది ఎందుకు ఏసీసినావు? హాలోడు మాట మారిస్తే ఈ కాగితాలన్నీ ఏటి సేస్తావు?" అని అడిగాడు. అప్పటికి హాలు వారు మాకు మాట ఇచ్చారే తప్ప కాగితం మీద ఏమీ రాసివ్వలేదు. ఆయన సలహా ప్రకారం తేదీ, హాలు పేరు, ఆటల వేళలు తీసేసి, పోస్టరు అడుగున అయిదు అంగుళాల మేర తెల్లగా వదిలేశాం. ఆ వివరాలన్నీ విడిగా ఒక స్లిప్పు మీద అచ్చువేసి అక్కడ అతికించాలన్నది ఏర్పాటు. పాత రోజుల్లో ఒకే పోస్టరును ఊరూరా వాడుకోవడానికి పంపిణీదారులు పాటించిన పద్ధతే ఇది.

పోస్టరు సైజు 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. స్లిప్పు 20 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు కనుక అదే సైజు కాగితం ఒకటి కోస్తే సరిగ్గా ఆరు స్లిప్పులు వస్తాయి, ముక్క కూడా వృథా కాదు. పోస్టర్లను విశాఖపట్నంలో ఆఫ్‌సెట్ మీద వేయించాం, స్లిప్పులను మాత్రం ఊళ్ళోనే స్క్రీన్ ప్రింటింగులో పసుపు కాగితం మీద నల్ల సిరాతో వేయించాం. ఆఫ్‌సెట్‌లో వంద పోస్టర్లకైనా వెయ్యికైనా నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చేయక తప్పదు. ఆ ఖర్చు మారదు కనుక మాకు అవసరమైనవి ఆరు వందలే అయినా వెయ్యి వేయించుకోవడమే గిట్టుబాటు. ఆ వెయ్యింటికీ తొమ్మిది వేలు అయ్యాయి, ఆరు వందల స్లిప్పులకు తొమ్మిది వందలు అయ్యాయి.

ఆ తొమ్మిది వేలలో కొంత నా తెలివితక్కువతనానికి కట్టిన జరిమానా. మా పోస్టరులో ఉన్నది రాత్రి దృశ్యం, లాంతరు వెలుగులో కథానాయకుడి ముఖం. ప్రెస్సు వాళ్ళు చూపించిన నమూనా నిగనిగలాడే ఆర్ట్ కాగితం మీద డిజిటల్‌లో తీసినది, అందులో ముఖం చక్కగా కనిపించేసరికి నేను సరే అనేశాను. గోడ మీద అంటించే పోస్టరుకు వాడేది పూత లేని 70 జీఎస్‌ఎం కాగితం. అది సిరాను పీల్చుకుంటుంది, చుక్కలు వ్యాపిస్తాయి, నమూనాలో ముదురుగా ఉన్నవి అచ్చులో నల్లగా మూసుకుపోతాయి. మిషను మీద తొలి కాగితాలు వచ్చేసరికి లాంతరు తప్ప ముఖం లేదు. సిరా తగ్గించి చూసినా లాభం లేకపోవడంతో మిషను ఆపించి, ముఖాన్నీ వెనక నీలాన్నీ బాగా తేలికపరిచి, ప్లేట్లు మళ్ళీ చేయించవలసి వచ్చింది. అచ్చు వేసే కాగితం మీదే నమూనా తీసి ఇమ్మని ముందే అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఒడియా అక్షరాల దగ్గర ఇంకొక పొరపాటును మాత్రం అచ్చుకు ముందే పట్టుకోగలిగాం. సినిమా పేరులో ఒక 'త్ర' ఉంది. నేను ఫోటోషాప్‌లో ఒడియాలో టైపు చేస్తే ఆ అక్షరం రెండు ముక్కలై, మధ్యలో పొల్లు గుర్తు బయటపడింది. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గాని చదవడం అంతంత మాత్రమే, అందువల్ల ఆ తేడా నా కంటికి ఆనలేదు. పక్క వీధిలో ఉండే ఒడియా మాస్టారు చూసి, "ఇదేం రాత బాబూ?" అని నవ్వేదాకా తెలియలేదు. టైపు సెట్టింగులలో `World-Ready Layout` ఎంచుకున్నాక అక్షరం కలిసింది. ప్రెస్సులో ఆ ఫాంటు ఉంటుందన్న భరోసా లేదు కనుక, ఫైలు పంపే ముందు అక్షరాలను `Convert to Shape` ద్వారా బొమ్మగా మార్చేశాం. తెలుగు పేరుకూ అదే చేశాం.

స్లిప్పులు రెండు రకాలు వేయించడం వెనక ఒక కారణం ఉంది. పట్నంలో ఉండేవారికి సాయంత్రం ఆరు గంటల ఆట అనుకూలం. కాశీనగర్ దారిలోనూ పాతపట్నం అవతలా ఉన్న పల్లెల నుంచి వచ్చేవారు ఆ ఆట చూస్తే ఇంటికి వెళ్ళడానికి బండి దొరకదు. వారికి ఆరు గంటల ఆట గురించి చెప్పడం అంటే రావద్దని చెప్పడమే. అందుకని పల్లె స్లిప్పు మీద మధ్యాహ్నం రెండు గంటల ఆటను పెద్ద అంకెలతో వేసి, మిగతా వేళలను చిన్న అక్షరాల్లో కిందికి నెట్టాం. సెన్సారు వారు ఇచ్చిన వర్గాన్ని ప్రచార సామగ్రి మీద చూపించవలసి ఉంటుంది కనుక యూఏ 13+ అన్న గుర్తును కూడా స్లిప్పు మీదే వేశాం. పోస్టర్లు అచ్చుకు వెళ్ళేనాటికి సర్టిఫికెట్ ఇంకా చేతికి రాకపోవడం వల్ల అది కూడా కలిసొచ్చింది.

అంటించడం రాత్రి పది దాటాక మొదలైంది. పెద్దాయన కిలో మైదాను ఏడెనిమిది లీటర్ల నీళ్ళలో ఉండలు కట్టకుండా ఉడికించి, దింపాక కొద్దిగా మైలుతుత్తం కరిగించి కలిపాడు. అది కలపకపోతే బంకకు పురుగు పడుతుంది, వీధి ఆవులు బంక రుచికి కాగితాన్నే పీకి తింటాయి. "ఒకపాలి బస్టాండు గోడకి నలభై ఏసినాం, తెల్లారికి పశువులు తినీసినాయి" అన్నాడు. పోస్టరు వెనక బంక రాసి వెంటనే అంటించకుండా ఒక నిమిషం మడతపెట్టి ఉంచేవాడు. తడిసిన కాగితం సాగుతుంది, ఆ సాగడం గోడ మీద జరిగితే ముడతలు పడతాయి, చేతిలోనే సాగనిస్తే చదునుగా కూర్చుంటుంది. బడి గోడలు, రైల్వే గోడలు, మునిసిపాలిటీ కట్టడాలు వదిలేశాం. ఇళ్ళ గోడలకు యజమానులను పగలే అడిగి పెట్టుకున్నాం. రెండు రాత్రుల్లో నాలుగు వందల ఇరవై అంటించాం.

విడుదలకు ఆరు రోజుల ముందు హాలు నుంచి కబురు వచ్చింది. ఆడుతున్న పెద్ద సినిమాకు ఇంకా జనం వస్తున్నారనీ, మా సినిమాను ఆ పై శుక్రవారానికి జరుపుతున్నామనీ దాని సారాంశం. మా దర్శకుడు తల పట్టుకున్నాడు గాని, మేము చేయవలసిందల్లా కొత్త స్లిప్పులు వేయించి పాత వాటి మీద అతికించడమే. ఈసారి గులాబీ రంగు కాగితం తీసుకున్నాం. ఏ గోడ మీద తేదీ మారిందో, ఏ గోడను కుర్రాళ్ళు మరిచిపోయారో తెల్లవారాక మోటారు సైకిలు మీద తిరుగుతూ దూరం నుంచే పోల్చుకోవచ్చు. పసుపు కనిపించిన చోటల్లా ఆగి నేనే అతికించుకుంటూ వచ్చాను, అలాంటివి ముప్పై దాకా దొరికాయి. స్లిప్పులకు మరో తొమ్మిది వందలు, ఒక రాత్రి కూలి, ఇంతకు మించి నష్టం లేదు. బస్టాండు దగ్గర కట్టిన రెండు ఫ్లెక్సీల మీద మాత్రం తేదీ నేరుగా అచ్చువేయించాను. వాటి మీద వేసిన అతుకు రెండో రోజు ఎండకే ఊడి వేలాడింది.

టీజరు విషయంలో ఇంత కథ లేదు. హాలులో విశ్రాంతి సమయంలో వేస్తామని హాలు మేనేజరు ఆదరంగానే అన్నారు గాని, తెర మీద వేసే టీజరుకు విడిగా సెన్సారు సర్టిఫికెట్ కావాలి. దానికి డబ్బూ లేదు, వ్యవధీ లేదు, అందుకని ఫోన్ల మీదే ఆధారపడ్డాం. తొలుత చేసినది నలభై అయిదు సెకన్ల రాత్రి దృశ్యం, కింద గంభీరమైన డప్పు మోత. స్టూడియో స్పీకర్లలో గుండె అదిరింది. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్ళేసరికి చీకటి అంతా గళ్ళుగళ్ళుగా విడిపోయింది, డప్పు అసలు వినిపించలేదు. ఫోను స్పీకరు అంత లోతైన శబ్దాన్ని పలికించలేదు. రెండోసారి పగటి దృశ్యాలే ఏరి, నిలువు చట్రంలో ముప్పై సెకన్లకు కుదించి, డప్పు మీద కర్ర తగిలే 'టక్' శబ్దాన్ని పైకి తెచ్చాం. చివరి అయిదు సెకన్లు తేదీ కార్డు. దాన్ని కూడా విడి ముక్కగా ఉంచుకోవడం వల్ల వాయిదా పడినప్పుడు ఆ కార్డు ఒక్కటి మార్చి పంపితే సరిపోయింది. పాత తేదీతో అప్పటికే చేతులు మారిన టీజరును మాత్రం వెనక్కి పిలిపించుకోలేం. మొదటి తేదీన హాలుకు వచ్చి తిరిగి వెళ్ళినవారిలో ఎక్కువమంది ఫోనులో చూసి వచ్చినవారేనని టికెట్ కిటికీలో కూర్చునే ఆయన చెప్పాడు.

సినిమా పది రోజులు ఆడింది. మధ్యాహ్నం ఆటకు పల్లెల నుంచి వచ్చినవారే ఎక్కువ. ఆరు గంటల ఆటకు రెండో ఆదివారం తప్ప సగం కుర్చీలు ఖాళీయే. మిగిలిపోయిన పోస్టర్లు అయిదు వందల ఎనభై, వాటి అడుగున తెల్లటి చోటు అలాగే ఉంది. గుణుపురంలో ఒక హాలు వారు సరేనన్నారు. ఈసారి తేదీ రాసి ఇచ్చేదాకా స్లిప్పులకు ఆర్డరు ఇవ్వలేదు. నిన్ననే ఆ కాగితం అందింది, రేపు ఆకుపచ్చ కాగితం కొనడానికి వెళ్ళాలి.