పొత్రం అడుగున దాగిన వాసన

మొన్న వేసవి సెలవులకు డల్లాస్ నుంచి పిల్లల్ని తీసుకుని నల్గొండలో మా అమ్మ దగ్గరికి వెళ్లాం. రెండో రోజు అమ్మ రుబ్బురోట్లో పల్లి తొక్కు నూరింది. మా బాబు ఒక్క ముద్ద తిని పళ్లెం పక్కకు జరిపాడు.

"అమ్మమ్మా, ఇందులో పాత ఇడ్లీ పిండి వాసన వస్తోంది" అన్నాడు. వాడికి పదేళ్లు. నాకు ప్రాణం చివుక్కుమంది. అమ్మ చేతి తొక్కుకు వంక పెడతాడా అని కసురుకోబోయాను. అమ్మ మాత్రం లేచి వెళ్లి, వాడి సాయంతో పొత్రం పైకెత్తి, దాని అడుగు వాసన చూసింది. "పిలగాడు చెప్పింది నిజమే" అంది.

మేం రాకముందు ఆమె గారెలకు మినప్పప్పు రుబ్బింది. మోకాళ్ల నొప్పులతో పొత్రం ఎత్తలేక, పైపైన నీళ్లు పోసి కడిగి, దుమ్ము పడకుండా పళ్లెం మూతపెట్టింది. రోటి గుంతలో, పొత్రం అడుగున గంట్లు ఉంటాయి కదా, వాటిలో పిండి పలచటి పొరలా మిగిలిపోయింది. తడి ఆరలేదు, గాలి తగల్లేదు. ఇక అది పులవక ఏమవుతుంది? తొక్కు నూరినప్పుడు ఆ పొర కదిలి దాంట్లో కలిసింది.

నేను వెంటనే నీళ్లు మరిగించబోయాను. అమ్మ ఆపింది. పచ్చి పిండి మీద మరిగే నీళ్లు పోస్తే అది ఉడికి, గంజిలా గంట్లకు పట్టేస్తుంది. ముందు చన్నీళ్లే పోయాలి. గుంత నిండా పోసి అరగంట నానబెట్టాం. పొత్రాన్ని విడిగా బకెట్లో ఉంచాం. తర్వాత కొబ్బరి పీచుతో, గంట్ల వెంబడి గట్టి బ్రష్‌తో రుద్దాం. నీళ్లు తెల్లగా వచ్చినన్ని సార్లు పారబోశాం. నీళ్లు తేటబడేసరికి నాలుగు సార్లయింది.

రోలు కాసేపు ఆరాక రెండు గుప్పిళ్ల బియ్యం, ఒక గుప్పెడు దొడ్డుప్పు వేసి పొడిగానే నూరాం. బియ్యం రవ్వ, ఉప్పు గరుకు కలిసి గంట్ల లోపలికి పోయి మడ్డిని తోడుకొస్తాయి. మొదటి పొడి బూడిద రంగులో వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. పారేశాం. రెండోది కొంచెం నయం. మూడోసారి పొడి తెల్లగా, ఉత్త బియ్యం వాసనే వేసింది. రోలు శుభ్రపడిందని చెప్పడానికి కంటి కంటే ఈ పొడే మంచి సాక్షి. అప్పుడు వేడినీళ్లు పోశాం. పిండి పోయింది కాబట్టి ఇప్పుడు వేడినీళ్లు చేటు చేయవు. పల్లీల జిడ్డు, వెల్లిపాయ వాసన కూడా వదులుతాయి.

మా పాప డిష్ సోప్ తేనా అని అడిగింది. తనకు నురగ కనబడకపోతే కడిగినట్టే అనిపించదు. మా దగ్గర గిన్నెలన్నీ అలాగే కడుగుతాం మరి, తన తప్పేం లేదు. "వద్దు బిడ్డా. రాయి సబ్బు తాగుతది. రేపు తొక్కు నూరితే అదే కక్కుతది" అంది అమ్మ. ఆ మాట విన్నాక డల్లాస్‌లో మా చిన్న రోలు గుర్తొచ్చింది. పాప దాన్ని సబ్బుతోనే కడిగేది. అందులో నూరిన ఎల్లిపాయ కారం ఎప్పుడూ నిమ్మ సబ్బు వాసన వేసేది. నేను వెల్లిపాయల్ని అనుమానించాను.

ఆరబెట్టడం కూడా అంతే ముఖ్యం. పొత్రాన్ని రోట్లో పెట్టకుండా, అడుగు ఎండకు తిప్పి పక్కన పడుకోబెట్టాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండనిచ్చి, గుంతలో చెయ్యి పెట్టి చూశాం. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాకే మూత. పసుపు, కారం మరకలు కొన్ని రాయికి అలాగే ఉండిపోయాయి. వాసన లేకపోతే వాటితో ఇబ్బంది లేదు. కానీ నల్లటి చుక్కలు, బూజు వాసన ఉంటే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిందే.

డల్లాస్ వచ్చాక చిన్న రోట్లో నానబెట్టిన బియ్యం వేసి పాపతోనే నూరించాను. నీళ్ల మీద సన్నటి నురగ తేలింది. అది సబ్బే. పారబోసి, కడిగి, మళ్లీ నూరింది. ఐదోసారికి నురగ రాలేదు. బాబు ముక్కు పెట్టి చూసి, సరేనన్నాడు. ఆ సాయంత్రం నూరిన ఎల్లిపాయ కారంలో ఎల్లిపాయ వాసన ఒక్కటే ఉంది. అమ్మకు వీడియో కాల్ చేస్తే, ముందు పొత్రం ఎక్కడ పెట్టారో చూపించమంది. పాప ఫోన్ తిప్పింది. కిటికీ గట్టు మీద, అడుగు ఎండకు తిప్పి పడుకోబెట్టి ఉంది.