ఫోర్‌కాస్ట్ షీట్: నేను తప్పు చదివిన పట్టీ

ఎక్సెల్ ప్రాక్టికల్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు,

మొదటి ప్రయత్నంలో నా మార్కులు పోయింది ఒక్క ప్రశ్నలో. ఒక దుకాణం 36 నెలల అమ్మకాలు ఇచ్చారు. వచ్చే 12 నెలలకు అంచనా వేసి, ఏ నెలకు ఎంత సరుకు తెప్పించాలో రెండు వాక్యాల్లో రాయమన్నారు. Data ట్యాబ్‌లో Forecast Sheet నొక్కాను, Create నొక్కాను, అర నిమిషంలో గ్రాఫు వచ్చేసింది. 95 కంటే 99 అయితే అంచనా ఇంకా గట్టిగా ఉంటుందనుకుని కాన్ఫిడెన్స్‌ను 99కి పెంచాను. ఏడాదికి నాలుగు క్వార్టర్లు కదా అని సీజనాలిటీ దగ్గర 4 పెట్టాను. ఆ రెండూ తప్పే. గ్రాఫు అందంగా రావడం వల్ల తప్పని నాకు తట్టలేదు. రెండో ప్రయత్నానికి ముందు నెల రోజుల పాటు ఈ ఒక్క డైలాగ్ బాక్సునే పట్టుకుని సాధన చేశాను. అప్పుడు తెలిసినవి రాస్తున్నాను.

సాధనకు మంచి డేటా కావాలంటే విమాన ప్రయాణికుల పట్టిక తీసుకోండి. ఇది 1949 జనవరి నుంచి 1960 డిసెంబరు వరకు నెలవారీ అంతర్జాతీయ ప్రయాణికుల సంఖ్య, వేలల్లో, మొత్తం 144 వరుసలు. బాక్స్, జెంకిన్స్ అనే గణాంక శాస్త్రవేత్తల వల్ల ప్రసిద్ధమైంది. AirPassengers అని వెతికితే దొరుకుతుంది. A నిలువు వరుసలో నెల మొదటి తేదీ, B లో సంఖ్య పెట్టుకోండి. శీర్షికలు మొదటి వరుసలో ఉంటాయి కాబట్టి డేటా 2 నుంచి 145వ వరుస దాకా వస్తుంది.

ముందే ఒక చిక్కు వస్తుంది. తేదీలు అమెరికా పద్ధతిలో, అంటే నెల ముందు, రోజు తర్వాత రాసి ఉంటే, మన కంప్యూటర్ సెట్టింగుల్లో రోజు ముందు ఉంటుంది కాబట్టి 2/1/1949 అనేది ఫిబ్రవరి 1 కాక జనవరి 2 అయిపోతుంది. పన్నెండు నెలలూ జనవరి 1 నుంచి 12 వరకు పన్నెండు రోజులుగా మారిపోతాయి. తర్వాత ఒక్కసారిగా మరుసటి జనవరికి గెంతుతుంది. ఫోర్‌కాస్ట్ షీట్‌కు తేదీల మధ్య సమాన దూరం ఉండాలి. మధ్యలో కొన్ని లేకపోయినా పూరించుకుంటుంది గానీ, ఆ లోటు 30 శాతం లోపు ఉండాలి. ఇక్కడ ఏడాదిలో 353 రోజులు మాయం! విచిత్రం ఏమిటంటే ఆ గడులు చూడటానికి మామూలు తేదీల్లాగే కుడివైపుకు ఒదిగి ఉంటాయి. అందుకని ఫార్మాట్‌ను `mmm-yy` కి మార్చి చూడండి. వరుసగా పన్నెండు గడుల్లోనూ Jan-49 కనిపిస్తే జరిగింది ఇదే. పక్క నిలువు వరుసలో ఈ ఫార్ములా వేసి, వచ్చిన తేదీలను విలువలుగా A లో అతికిస్తే సరిపోతుంది:

```
=DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2))
```

ఇప్పుడు A, B నిలువు వరుసలు రెండింటినీ ఎంచుకుని Forecast Sheet తెరిచి, కింద Options విప్పండి. ముందుగా చూడాల్సింది Seasonality. దీనికి ఇవ్వాల్సిన అంకె రుతువుల సంఖ్య కాదు, క్వార్టర్ల సంఖ్యా కాదు. ఒక ఆవృత్తి పూర్తయి మళ్ళీ అదే చోటికి రావడానికి డేటాలో ఎన్ని వరుసలు పడతాయో ఆ లెక్క. నెలవారీ డేటాలో ఏడాది ఆవృత్తి ఉంటే 12. మూడు నెలలకొక వరుస ఉంటే 4. రోజువారీ అమ్మకాల్లో వారం వారం పోలిక కనిపిస్తే 7. నేను నెలవారీ డేటాకు 4 పెట్టినప్పుడు, ప్రతి నాలుగు నెలలకూ కథ మళ్ళీ మొదలవుతుందని ఎక్సెల్‌కు చెప్పినట్టయింది. జనవరినీ మేనీ సెప్టెంబరునీ ఒకే గాటన కట్టేసింది.

Detect Automatically వదిలేస్తే ఎక్సెల్ తానే వెతుకుతుంది. అది ఏం కనిపెట్టిందో గ్రాఫులో రాయదు కాబట్టి విడిగా అడగండి:

```
=FORECAST.ETS.SEASONALITY(B2:B145,A2:A145)
```

విమాన ప్రయాణికుల డేటాకు 12 రావాలి. వేసవిలో శిఖరం, నవంబరులో లోయ, పన్నెండేళ్ళూ అదే వరస. ఇక్కడ మరచిపోకూడనిది రెండు ఆవృత్తుల నియమం. 12 ఇవ్వాలంటే కనీసం 24 నెలల చరిత్ర ఉండాలి. అంతకంటే తక్కువైతే సీజను భాగాన్ని ఎక్సెల్ విడదీయలేదు. పట్టికను మొదటి 18 నెలలకు కత్తిరించి ప్రయత్నిస్తే సీజను ఎక్కడికి పోయిందో మీకే కనిపిస్తుంది. ఫార్ములాను చేత్తో రాసేవారికి ఇంకో ఉచ్చు ఉంది. FORECAST.ETS లో నాలుగో స్థానంలో 1 రాస్తే 'సీజను లేదు' అని కాదు, 'నువ్వే కనిపెట్టు' అని. సీజను లేదని చెప్పాలంటే 0 రాయాలి.

మన దుకాణాల లెక్కలకు ఇందులో ఒక పరిమితి ఉంది. సంక్రాంతి ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది కాబట్టి 12 దాన్ని పట్టుకుంటుంది. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది. దసరా ఒక ఏడు సెప్టెంబరు చివర మొదలైతే మరో ఏడు అక్టోబరు నడుమకు వెళ్తుంది. ఆ పండుగల గిరాకీని 12 అనే అంకె సరైన నెలలో పెట్టలేదు. ప్రశ్నలో పండుగ అమ్మకాలు కనిపిస్తే జవాబులో ఆ మాట రాయండి.

ఇక కాన్ఫిడెన్స్. డైలాగ్ బాక్సులో 95ను 80కి తగ్గించి గ్రాఫు నమూనా వైపు చూడండి. నడుమ ఉన్న నారింజ గీత వెంట్రుకవాసి కూడా కదలదు. అటూ ఇటూ ఉన్న రెండు గీతలే, అంటే పట్టీ అంచులే, దగ్గరికి వస్తాయి. 99కి పెంచితే దూరం జరుగుతాయి. అంటే శాతం పెంచినంత మాత్రాన అంచనా మెరుగుపడదు. రాబోయే విలువల్లో 95 శాతం ఇమడాలంటే ఎంత వెడల్పు కావాలి అన్నదే ఆ ప్రశ్న. 99 పెట్టి నేను సాధించింది పట్టీని వెడల్పు చేయడమే. ఒక నెలకు అంచనా 500 బస్తాలు, 95 శాతానికి అటూ ఇటూ 40 అనుకోండి. పట్టీ 460 నుంచి 540 దాకా ఉంటుంది. అదే 80 శాతానికి అటూ ఇటూ దాదాపు 26, అంటే 474 నుంచి 526. 99 శాతానికి దాదాపు 53. 447 నుంచి 553 మధ్య ఏదైనా కావచ్చని చెబితే దుకాణదారుకు ఒరిగేది తక్కువ.

నీడ పట్టీ అని అందరం అంటాం గానీ, ఎక్సెల్ గీసేది రెండు సన్నని గీతలే. మధ్యలో రంగు ఉండదు. ప్రశ్నలో పట్టీకి రంగు వేయమంటే మనమే వేయాలి. కొత్త షీట్‌లో C లో అంచనా, D లో దిగువ హద్దు, E లో ఎగువ హద్దు ఉంటాయి. F లో E నుంచి D తీసివేసి వెడల్పు పెట్టుకుని, దాన్ని గ్రాఫులో చేర్చండి. Change Chart Type లో Combo ఎంచుకుని D, F లను Stacked Area గా మార్చండి. D కి No Fill, F కి లేత రంగు ఇచ్చి, E గీతను తీసేయండి. పట్టీ ఒక బిందువు దగ్గర మొదలై ముందుకు పోయే కొద్దీ వెడల్పవుతుంది. చరిత్రలోని చివరి నెల వరుసలో అంచనా, రెండు హద్దులు, అసలు విలువ అన్నీ ఒకటే కాబట్టి అక్కడ వెడల్పు సున్నా. దూరం వెళ్ళే కొద్దీ పొరపాట్లు ఒకదానిమీదొకటి చేరతాయి కాబట్టి ఆపై విచ్చుకుంటుంది.

ఆ పట్టీ నమ్మదగినదో కాదో ఎలా తెలుస్తుంది? నాకు ఎక్కువగా ఉపయోగపడింది Forecast Start. ఆ తేదీని వెనక్కి జరిపితే, దానికి ముందున్న డేటాతోనే ఎక్సెల్ అంచనా వేస్తుంది. 1959 వరకే చూపించి 1960ని అంచనా వేయించండి. Create అయ్యాక C లోని ఫార్ములాపై నొక్కి, డేటా పరిధి `$B$133` దగ్గర ఆగిందో లేదో చూడండి. అది 1959 డిసెంబరు వరుస. అక్కడ ఆగకపోతే తేదీని ఒక నెల అటో ఇటో మార్చండి. తర్వాత 1960లో నిజంగా వచ్చిన 12 విలువలు పట్టీలో పడ్డాయో లేదో ఒక్కొక్కటే సరిచూడండి. అంతా సవ్యంగా ఉన్నా 95 శాతం పట్టీలోంచి ఇరవైలో ఒకటి బయట పడుతుంది. అది పెద్ద విషయం కాదు. బయటపడ్డవన్నీ ఒకే వైపు ఉంటే పోకడ దగ్గర, వేసవి నెలలే అయితే సీజను దగ్గర తప్పు ఉండవచ్చు.

ఈ డేటాలో నా కన్ను జులై, ఆగస్టుల మీదే ఉండేది. 1949లో ఎక్కువ తక్కువల మధ్య తేడా 44 వేలు: గరిష్ఠం 148, కనిష్ఠం 104. 1960లో 622, 390. తేడా 232 వేలు. ఫోర్‌కాస్ట్ షీట్ వాడే పద్ధతి సీజనును కూడికగా లెక్కిస్తుంది. 'జులైలో ఇన్ని వేలు ఎక్కువ' అని చూస్తుంది గానీ 'జులైలో ఇంత శాతం ఎక్కువ' అని చూడదు. ఊగిసలాట ఏటేటా పెరిగే డేటాకు అది చాలదు. `=LN(B2)` తో కొత్త నిలువు వరుస తయారుచేసి, దాని మీద ఫోర్‌కాస్ట్ షీట్ నడిపి, వచ్చిన అంచనాకూ రెండు హద్దులకూ EXP వేసి వెనక్కి తెచ్చుకోండి. అప్పుడు పట్టీ పైవైపు ఎక్కువ, కిందివైపు తక్కువ వెడల్పుతో వస్తుంది. దిగువ హద్దు సున్నా కిందికి పోదు కూడా. అమ్మకాల అంచనాలో దిగువ హద్దు మైనస్ 30 బస్తాలని కనిపిస్తే ఈ దారి గుర్తు చేసుకోండి.

ఇంకో గుర్తు. సీజను దొరకనప్పుడు అంచనా తిన్నని గీతగా వస్తుంది, పట్టీ మాత్రం బాగా లావుగా ఉంటుంది. ఏటా వచ్చే ఎత్తుపల్లాలను ఎక్సెల్ యాదృచ్ఛికమైన ఒడిదుడుకులుగా లెక్కవేసుకుంటుంది కాబట్టి అలా అవుతుంది. లావు పట్టీ కనిపిస్తే కాన్ఫిడెన్స్ తగ్గించి సన్నబరచడానికి చూడకండి. ముందు సీజనాలిటీ అంకె చూడండి.

రెండో ప్రయత్నంలోనూ ప్రశ్న దాదాపు అదే, ఈసారి బియ్యం బస్తాలు. పది నెలల్లో తొమ్మిదిసార్లు సరుకు చాలేలా ఆర్డర్ ఎంత పెట్టాలి అని అడిగారు. 90 అనే అంకె చేతివేళ్ళ దాకా వచ్చింది గానీ ఆగాను. పట్టీకి రెండు వైపులుంటాయి. 90 శాతం పట్టీకి బయట మిగిలే పది శాతంలో అయిదు పైన, అయిదు కింద. సరుకు చాలకపోయేది పైన దాటినప్పుడే. పైన పది శాతం మిగలాలంటే పట్టీ 80 శాతానిది కావాలి. 80 పెట్టి, సీజనాలిటీ 12 ఇచ్చి, ఎగువ హద్దు వరుసలోని అంకెను జవాబుగా రాశాను. కింద ఒక వాక్యం చేర్చాను: 'ఇది గత 36 నెలల పోకడ మారదన్న లెక్క మీద ఆధారపడింది, దసరా నెలకు విడిగా చూసుకోవాలి.'