సాక్షి బల్బు

తుపాను పోయాక మన బడి తెరిచిన రోజున సైన్సు గది పైకప్పుకి సగం పెంకులు లేవు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ గాలి వాటిని ఎటు పట్టుకుపోయిందో గానీ, వాన మాత్రం తిన్నగా సామాను బీరువాలోకే దిగింది. ఊళ్లో కొబ్బరిచెట్లు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. కరెంటు స్తంభాలు వాటి కింద ఉన్నాయి. అలాంటప్పుడు ఏడో తరగతికి చెప్పాల్సిన పాఠం విద్యుత్ వలయం. కరెంటు లేని ఊళ్లో కరెంటు పాఠమేమిటని మేం నవ్వుకున్నాం.

మాస్టారు బీరువాలోంచి రేకు పెట్టె తీసి ఆరు బెంచీలకీ పంచారు. బెంచీకో టార్చి సెల్లు, హోల్డరుకి బిగించిన చిన్న బల్బు, రెండు వైర్లు. బల్బు మెడ మీద 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని సన్నటి అక్షరాలు. కలిపాం. ఒక్క బెంచీ మీద కూడా వెలగలేదు. మాస్టారు కంగారు పడలేదు. జేబులోంచి పొడుం డబ్బా తీశారు. ఆయన పొడుం పీల్చగా ఎవరూ చూడలేదు. డబ్బాలో ఒక సెల్లు, ఒక బల్బు, రెండు వైర్లు. వీటిని పొద్దున్నే ఇంటి దగ్గర వెలిగించి చూసి మరీ తెచ్చేవారట. "ఇవి సాక్షులర్రా. అబద్ధం చెప్పవు" అన్నారు.

ముందు మా బెంచీకే వచ్చారు. మా సెల్లు తీసి సాక్షి సెల్లు పెట్టారు. వెలగలేదు. మా సెల్లు తిరిగి పెట్టేసి, బల్బు మార్చారు. వెలగలేదు. మా బల్బు మళ్లీ పెట్టి, ఈసారి వైర్లు రెండూ మార్చారు. అప్పుడూ లేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినదాన్ని వెనక్కి పెట్టాకే రెండోది ముట్టుకోవాలి అనేది ఆయన పద్ధతి. లేకపోతే దేనివల్ల వెలిగిందో తెలియదు. పద్ధతి సరిగ్గానే జరిగింది, ఫలితం మాత్రం సున్నా.

"అన్నీ బాగానే ఉన్నట్టాండీ మరి?" అంది నా పక్కనున్న అమ్మాయి.

"అన్నీ బాగుంటే వెలగాలి కదమ్మా" అని మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. తర్వాత మా సామానంతా పక్కకి తోసేసి, సాక్షి సామానుతో ఒక వలయం కట్టి వెలిగించారు. వెలుగుతున్న ఆ వలయంలోకి మా సామాను ఒక్కొక్కటీ ఎక్కించారు. ముందు మా సెల్లు. బల్బు ఆరిపోయింది. సాక్షి సెల్లు తిరిగి పెట్టి, మా బల్బు ఎక్కించారు. చక్కగా వెలిగింది. దాన్ని తీసి, మా వైరు ఎక్కించారు. ఆరిపోయింది. వైరు కొసలు చూస్తే రాగి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. అగ్గిపెట్టె గరుకు పక్కన రుద్ది రాగి మెరిసేదాకా గీకితే వెలిగింది. రెండో వైరుదీ అదే కథ.

అంటే మాకు దోషం ఒకటి కాదు, రెండు. సెల్లు చచ్చింది, వైర్లకి చిలుము పట్టింది. చెడిపోయిన వలయంలో మంచి సెల్లు పెట్టినా వైర్లు అడ్డుపడ్డాయి, మంచి వైర్లు పెట్టినా సెల్లు అడ్డుపడింది. ఒక తప్పు రెండోదాన్ని దాచేసింది. మంచి వలయంలోకి అనుమానం ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా ఎక్కిస్తే దాక్కోవడానికి చోటుండదు. దోషం ఒక్కటే అయితే మొదటి పద్ధతీ పనికొస్తుంది. తేమ తగిలిన పెట్టెలో మాత్రం దోషాలు జంటగానే తిరుగుతాయి. ఇది నేను టీచర్నయ్యాక, మన ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి సామాను చూశాక ఖాయంగా చెబుతున్న మాట.

రెండో బెంచీకి వెళ్లేలోపు అసలు ప్రమాదం జరిగింది. మనవాడొకడు (పేరు రాయను, ఇప్పుడు పెద్ద మనిషి, ఈ సంచికకి చందా కూడా ఇచ్చాడు) బల్బు లేకుండా సాక్షి సెల్లు రెండు కొసలకీ ఒకే వైరు కలిపి పట్టుకున్నాడు. వైరు కాలుతుంటే భలేగా ఉందట. బల్బు లాంటి అడ్డు లేకపోతే సెల్లు తన దగ్గరున్నదంతా వైరులోకి గుమ్మరించేస్తుంది. మాస్టారు చూసేసరికి సాక్షి బల్బు తీగ నిప్పుకణికలా ఎర్రగా కనిపించి ఊరుకుంది. వాణ్ణి తిట్టలేదు. "రేపు మీ ఇళ్లలో పారేయబోయే సెల్లులు తెండి" అన్నారు.

మంచి సెల్లు ఎవరిస్తారు? ఆ నెలలో ప్రతి ఇంట్లోనూ సెల్లు అంటే బంగారం. బ్యాటరీ లైటుకీ, రేడియోలో వార్తలకీ అదే గతి. మా నాయనమ్మ అయితే నీరసించిన సెల్లుల్ని అరుగు మీద ఎండబెట్టి, కాస్త ప్రాణం వచ్చాక మళ్లీ లైటులో వేసేది. వేడికి లోపలి రసాయనం కొంచెం చురుగ్గా కదులుతుంది, అంతే. పోయిన శక్తి తిరిగి రాదు. కాబట్టి మేం తెచ్చినవన్నీ ఎండలో కూడా లేవనివే. తెల్లగా కారిపోయినవాటిని మాస్టారు వేరే పారేయించి, మమ్మల్ని చేతులు కడుక్కోమన్నారు.

ఆ రోజు బల్బు లేదు, దిక్సూచి వచ్చింది. దిక్సూచి చుట్టూ పూత ఉన్న సన్నటి వైరు ఇరవై చుట్లు చుట్టి, కొసలు గీకి, చచ్చిన సెల్లుకి ఒక్క క్షణం తాకించారు. ముల్లు గభాల్న పక్కకి తిరిగింది. మేం ఓ అని అరిచాం. బల్బు తీగ తెల్లగా మండాలంటే దాని మీద రాసిన 0.3 ఆంపియర్లకి దగ్గరగా రావాలి. ముల్లు కదలడానికి అందులో చిన్న వంతు చాలు. అంటే నిన్న చచ్చిందనుకున్న మా సెల్లులో కూడా కరెంటు ఉంది, వెలుతురుకే చాలలేదు. బల్బు వెలగకపోతే వలయం తెగినట్టేనని అప్పటిదాకా నేను అనుకునేదాన్ని.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. మూడో బెంచీవాళ్ల ముల్లు కదల్లేదు. సెల్లు మార్చారు, వైరు గీకారు, అయినా లేదు. మాస్టారు వచ్చి దిక్సూచి డబ్బాని పావు వంతు తిప్పారు, అంతే. చుట్లు ముల్లుకి అడ్డంగా, తూర్పు పడమరలుగా ఉంటే వైరు చుట్టూ పుట్టే అయస్కాంత బలం ఉత్తర దక్షిణాల వెంబడే ఉంటుంది. ముల్లు అప్పటికే అటే నిలబడి ఉంది, ఇంక కదలడమెందుకు? చుట్లు ముల్లు వెంబడే ఉండాలి.

ఇప్పుడు నా బ్యాగులోనూ ఒక డబ్బా ఉంటుంది. పొడుం డబ్బాలు దొరకడం లేదు, మాత్రల డబ్బా. సాక్షి సెల్లు రెండేసి పెడతాను, ఒకటి పిల్లల చేతికివ్వడానికి, ఒకటి ఇవ్వకుండా దాచుకోవడానికి. పిల్లలు బొమ్మల్లోంచి ఎల్‌ఈడీలు పీకి తెస్తారు, ఒక్క సెల్లుకి పెట్టి "పోయింది టీచర్" అంటారు. ఎర్ర ఎల్‌ఈడీకి కూడా 1.5 వోల్టులు చాలవు, రెండు సెల్లులు కావాలి, అదీ సరైన వైపు పెడితేనే. ఒక ఎల్‌ఈడీని, దాన్ని కాపాడే చిన్న రెసిస్టరుతో కలిపి సాక్షుల్లో చేర్చాను.

మొన్న జూలైలో ఒకబ్బాయి దాచుకున్న రెండో సెల్లు కూడా కనిపెట్టి వైరు కలిపేశాడు. వేడెక్కిన వైరు పట్టుకుని నా వైపు చూసి నవ్వాడు. బీరువా తీసి దిక్సూచి కోసం వెతికాను.