జేజి ఎడమ మోకాలు: మూడో కాటర్ కూడా పాయె

ఆదివారం సైకిల్ మీద దేవుని కడప దాకా సుఖంగా పోయొచ్చినాను. ఇంకా కాస్త తిరుగుదామని పోతే, మొత్తం 11 కిలోమీటర్లు అయ్యేసరికి మళ్లీ అదే శబ్దం. పెడల్ చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక టక్.

ఆ టక్ వల్లనే ఈ సైకిల్‌కు పేరొచ్చింది. ఇది మా నాయన తొక్కిన 28 అంగుళాల అట్లాస్. అటక మీద నుంచి దింపి మొదటిసారి వాకిట్లో తొక్కుతుంటే, లోపల పడుకున్న మా చిన్నోడు "నాయనా, జేజి లేసింది" అని అరిచినాడు. మా అమ్మ లేస్తే ఎడమ మోకాలు అట్లనే అంటుంది మరి. అప్పట్నుంచి ఇది చిన్న జేజి. పెద్ద జేజికి కోపమేం లేదు కానీ, "నా మోకాలికి ఎన్ని నూనెలు పూసినా పోలేదు, దానికి పోతుందా?" అంటుంది.

బ్రేకు రాడ్లు, చైను, టైర్లు అన్నీ కుదిరినాయి. పెడల్ తగిలించే కడ్డీ, అదే ఎడమ క్రాంక్, ఒక్కటే మొండికేసింది. తప్పు ఇరుసును ఫ్రేములో పట్టుకునే బీబీ కప్పుల్లో లేదు. కుడి క్రాంక్ గట్టిగా పట్టుకుని ఎడమది ఊపితే, ఎడమది ఒక్కటే కదులుతోంది. కప్పులు వదులైతే రెండూ కలిసి ఊగేవి.

క్రాంక్‌ను ఇరుసుకు పట్టి ఉంచే పిన్నే కాటర్. మొదటిదాన్ని నట్టు బిగించి లాగినాను, 4 కిలోమీటర్లు వచ్చింది. తప్పు నాదే. నట్టు పిన్నును పట్టుకోను మాత్రమే, లోపలికి దించాల్సింది సుత్తి. రెండోదానికి క్రాంక్ కింద ఇనుప పైపు ముక్క నిలబెట్టి కొట్టినాను (ఆ ఆసరా లేకుంటే దెబ్బ బాల్స్ మీద పడి కప్పులు సొట్టపోతాయి). 6 వచ్చింది. మూడోసారి పిన్ను చదును ముఖానికి మార్కర్ పూసి, దించి, తీసి చూసినాను. రంగు ఒక అంచున సన్నటి గీతగా మాత్రమే చెరిగింది. అంటే పిన్ను ఇరుసుకు పూర్తిగా ఆనడం లేదు. ఆకురాయితో మూడుసార్లు రాసి, మూడొంతుల్లో రెండొంతులు చెరిగేదాకా తెచ్చినాను. అదే ఈ 11.

వెర్నియర్ పెట్టి చూస్తే పిన్ను 9.5 మిల్లీమీటర్లు, సరిగ్గా ఉంది. క్రాంక్ రంధ్రం మాత్రం ఒక పక్క 9.5, ఇంకో పక్క 9.8. గుండ్రం పోయి కోలగా అయింది. ఇరుసు మీది గాడి కూడా గోటికి తగిలేంత పల్లం పడింది. వదులు కాటర్‌తోనే ఏళ్ల తరబడి తొక్కినారేమో. దీనికి ఎన్ని పిన్నులు మార్చినా దండగే. పైగా మెరిసే పూత పిన్నులు మెత్తగా ఉన్నాయి, సుత్తికే తల విచ్చుకుంటోంది. నల్లటివే మేలు.

వచ్చే వారం ఇరుసు, ఎడమ క్రాంక్ రెండూ మారుస్తా. కుడి కప్పుది ఎదురు మర, దాని జోలికి పోకుండా ఎడమ కప్పు ఒక్కటే విప్పితే చాలు. పావు అంగుళం బాల్స్ పక్కకు 11 చొప్పున కొత్తవి వేస్తా. 50 కిలోమీటర్లు నిలిస్తే ఒంటిమిట్ట. ఆ దారి పక్క పల్లేరుకాయలకు ట్యూబు ఒకటి ఎక్కువ పెట్టుకోవాల.