200 అని రాస్తే నిద్రపోతుందనుకున్నా

దుబాయ్‌లో ఓ గోడౌన్ల కంపెనీ నెట్‌వర్క్ చూస్తాను. పోయిన లీవులో దేవరకొండ దగ్గర మా ఇంటి డాబా మీద, సిగ్నల్ దొరికే ఆ ఒక్క మూలన కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. అవతల దుబాయ్ గోడౌన్‌లో మాతో పనిచేసే జడ్చర్ల తమ్ముడు.

"అన్నా, ఇంటర్నెట్ మంచిగనే ఉంది. బిల్లింగ్ ఒక్కటే వస్తలేదు."

ఫైబర్ లైను కూడా బాగానే ఉందట. ఇంటర్నెట్‌కు పోయే డిఫాల్ట్ రూటు హెడ్డాఫీసు నుంచి, రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ ద్వారా వస్తుంది, అది సరిగ్గానే నడుస్తోంది. మరి బిల్లింగ్ సర్వర్ 10.20.5.10 ఒక్కటే ఎందుకు అందదు? `show ip route` కొట్టి రెండు లైన్లు చదవమన్నా.

```
O IA  10.20.0.0/16 [110/20] via 10.1.1.1
S     10.20.5.0/24 [200/0] via 192.168.8.1
```

రెండో లైను వినంగనే నెత్తి కొట్టుకున్నా. లీవుకు వచ్చే ముందు అది రాసింది నేనే. ఫైబర్ పోతే ఫోర్జీ పెట్టెలోని వీపీఎన్ మీదుగా బిల్లింగ్ నడవాలని చేత్తో రాసే స్టాటిక్ రూటు పెట్టా. రూటు ఎక్కడి నుంచి వచ్చిందో చూసి దాన్ని ఎంత నమ్మాలో చెప్పే అంకె అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్. మామూలుగా స్టాటిక్‌కు అది 1, ఓఎస్‌పీఎఫ్‌కు 110. తక్కువున్నదే గెలుస్తుంది. అందుకే చివర 200 తగిలించి, ఇక అది వెనక పడి ఉంటుందనుకున్నా.

పడి ఉండలేదు. ఒకే గమ్యం, ఒకే మాస్కు ఉన్న రూట్ల మధ్యే రౌటర్ ఈ డిస్టెన్స్ పోలుస్తుంది. /16, /24 దాని లెక్కలో వేర్వేరు గమ్యాలు, కాబట్టి రెండూ టేబుల్లోకి ఎక్కుతాయి. ప్యాకెట్ వచ్చినప్పుడు దాని గమ్యం అడ్రసుతో ఎక్కువ బిట్లు కలిసినదే దారి, ఇక్కడ అది /24. బస్టాండులో దేవరకొండ బోర్డున్న బస్సు, మా తండా పేరే రాసుకున్న ఆటో పక్కపక్కన ఉంటే మనం ఆటోనే ఎక్కుతాం, ఏ డ్రైవర్ నమ్మకస్తుడని ఆరా తీయం.

అంటే ఇన్నాళ్లూ బిల్లింగ్ ఫోర్జీ మీదే నడిచింది. ఆ రోజు సిమ్ డేటా అయిపోయింది. పెట్టెకు కేబులు తగిలి ఉన్నంతసేపు స్టాటిక్ రూటు కదలదు, అవతల సిమ్ చచ్చినా దానికి తెలియదు. (తెలియాలంటే పింగ్‌తో చూసే ట్రాకింగ్ కట్టాలి. బద్ధకించాను.)

తమ్ముడు రౌటర్ పక్కనే కన్సోల్ కేబుల్‌తో ఉన్నాడు, మధ్యలో తెగిపోతుందన్న భయం లేదు.

```
no ip route 10.20.5.0 255.255.255.0 192.168.8.1 200
ip route 10.20.0.0 255.255.0.0 192.168.8.1 200
```

ఇప్పుడు ఓఎస్‌పీఎఫ్‌దీ /16, నాదీ /16. 110 ముందు 200 ఓడింది, S లైను టేబుల్లోంచి మాయమైంది, బిల్లులు కదిలాయి.

"పనైంది గద, ఇగ పెట్టెయ్యనా?"

"ఆగు. సిమ్ రీఛార్జ్ చేసి, రాత్రి గోడౌన్ మూసినంక ఫైబర్ పీకి చూడు. మన రౌటర్ దగ్గర కాదు, ప్రొవైడర్ పెట్టె అవతల పీకు."

మన దగ్గర పీకితే ఇంటర్‌ఫేస్ పడిపోయి రూటు వెంటనే మారుతుంది. అవతల తెగితే పొరుగు రౌటర్ హలోలు ఆగి, మామూలు సెట్టింగులో 40 సెకన్లు గడిచాక గానీ ఓఎస్‌పీఎఫ్ దాన్ని వదలదు. నిజంగా తెగేది అవతలే.

మాకు అర్ధరాత్రి దాటినంక ఫోటో పంపాడు. S లైను, [200/0], ఈసారి /16. కింద ఒక మాట: "అన్నా, నలభై లెక్కపెట్టిన."